ఫొటో కింద పేరు వేశాం కదా అంటే చాలదు

కస్టమర్ తీసిన ఫొటోను కెఫే తన పేజీలో పెట్టుకుంటుంది. కింద చిన్న కెమెరా బొమ్మ, పక్కన ఆ కస్టమర్ హ్యాండిల్. ఎవరైనా ప్రశ్నిస్తే వెంటనే వచ్చే జవాబు: ‘క్రెడిట్ ఇచ్చాం కదా’. ఈ జవాబు నాకు ససేమిరా ఒప్పుదల కాదు. ఎవరు తీశారన్న ప్రశ్నకు క్రెడిట్ సమాధానం చెబుతుంది. వాడుకోవచ్చా అన్న ప్రశ్నకు చెప్పదు. ఆ రెండో ప్రశ్నకు సమాధానం ఆ ఫొటో తీసిన మనిషి నోటి నుంచే రావాలి.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్పుకుందాం. షట్టర్ నొక్కిన క్షణంలోనే ఫొటో మీద హక్కు పుడుతుంది. కాపీరైట్‌పై 1886లో కుదిరిన అంతర్జాతీయ బెర్న్ ఒప్పందం దారిలో నడిచే దేశాల్లో దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. మామూలు కస్టమర్ ఫోనుతో తీసినదైనా ఆ హక్కు తీసినవారిదే. ఇన్‌స్టాగ్రామ్‌లో పోస్టు చేసినప్పుడు ఆమె కొన్ని అనుమతులు ఇస్తుంది, నిజమే. అవి ఇన్‌స్టాగ్రామ్‌కు ఇచ్చినవి, కెఫేకు కాదు. కెఫేను ట్యాగ్ చేయడమంటే ‘చూడండి’ అని పిలవడం. తీసుకెళ్లమని చెప్పడం కాదు.

స్టోరీల విషయంలో నేను పట్టుబట్టను. కస్టమర్ తన స్టోరీలో కెఫేను మెన్షన్ చేస్తే, దాన్ని కెఫే తన స్టోరీలో చేర్చుకునే బటన్‌ను ఇన్‌స్టాగ్రామే ఇస్తుంది. అక్కడ ఆమె పేరు కనిపిస్తుంది, 24 గంటల్లో అది మాయమవుతుంది. ఆ మేరకు వాడుకోవడానికి ఒక చిన్న కృతజ్ఞత చాలు. గొడవంతా స్క్రీన్‌షాట్ తీసి, అంచులు కత్తిరించి, కెఫే సొంత పోస్టుగా ఎక్కించడంతోనే మొదలవుతుంది. అది అక్కడే ఉండిపోతుంది. అసలు పోస్టుతో దానికి తాడు తెగిపోతుంది. ఆమె తన పేజీలోంచి ఫొటోను తీసేసినా కెఫే పేజీలో అది అలాగే వేలాడుతూ ఉంటుంది.

ఒక సందర్భం తీసుకుందాం. కిటికీ పక్క బల్ల, సాయంత్రపు వెలుగు, ఇద్దరు స్నేహితురాళ్లు నవ్వుతూ మాట్లాడుకుంటున్నారు. వారిలో ఒకామె ఆ ఫొటో పెట్టి కెఫేను ట్యాగ్ చేసింది. పేజీ చూసుకునే ఉద్యోగికి అది ఎంతో నచ్చింది. ఇప్పుడేం చేయాలి?

అన్నిటికంటే ముందు ఫొటోను నిదానంగా చూడాలి. పోస్టు చేసినామె ఆ ఫొటోలోనే ఉంది, చాచిన చేయి కనిపించడం లేదు. అంటే షట్టర్ నొక్కింది బహుశా మూడో మనిషి. అలాంటప్పుడు ఆమె హ్యాండిల్ వేస్తే తప్పుడు పేరు వేసినట్టే, ఆమె ఒక్కతే అనుమతి ఇచ్చినా అది సగం అనుమతే. పైగా ఫొటోలో ఇంకో ముఖం ఉంది. ఆ స్నేహితురాలు తన మిత్రుల మధ్య కనిపించడానికి ఒప్పుకుని ఉండవచ్చు. ఒక వ్యాపారానికి ముఖం కావడానికి ఒప్పుకుందని ఎలా అనుకుంటాం?

కాబట్టి సందేశం ఇలా ఉండాలి: ‘మీరు పెట్టిన కిటికీ పక్క ఫొటో మాకు చాలా నచ్చింది. దాన్ని తీసింది మీరేనా? కాకపోతే ఎవరు తీశారో చెప్పగలరా? మా ఇన్‌స్టాగ్రామ్ పేజీలో ఒక పోస్టుగా పెట్టాలనుకుంటున్నాం. రంగులు మార్చం, కత్తిరించం. తీసినవారి పేరు మొదటి వరుసలో వేస్తాం. మీ స్నేహితురాలికి కూడా సమ్మతమేనా? ప్రకటనకో, గోడ మీది పోస్టరుకో కావాలంటే మళ్లీ విడిగా అడుగుతాం. వద్దంటే ఏమీ అనుకోం.’

ఈ సందేశంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనది, ఫొటోను ఎక్కడ వాడతామో చెప్పిన వాక్యం. ‘మీ ఫొటో వాడుకోవచ్చా’ అని మాత్రమే అడిగితే వచ్చే ‘సరే’కు కొలత ఉండదు. ఆమె మనసులో ఉన్నది ఒక పోస్టు. కెఫే మనసులో పోస్టు, మెనూ కార్డు, డబ్బు కట్టి నడిపే ప్రకటన అన్నీ ఉండవచ్చు. ఒక హ్యాష్‌ట్యాగ్‌తో ‘యెస్’ అని జవాబివ్వమని, ఎక్కడో లింకు వెనుక పేజీల కొద్దీ షరతులు దాచే పద్ధతి మరీ ఘోరం. చదవని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడానికీ దానికీ నాకు తేడా కనిపించదు.

పరిచయం లేని ఖాతా నుంచి వచ్చిన మెసేజ్ రిక్వెస్టుల్లో పడి రోజుల తరబడి కంటపడకపోవచ్చు. అందుకే ఆమె పోస్టు కింద ‘మీకు మెసేజ్ పంపాం’ అని ఒక మాట రాయాలి. జవాబు రాకపోతే లేదనే అర్థం. వస్తే, తేదీ కనిపించేలా దాని స్క్రీన్‌షాట్ దాచుకోవాలి, ఎందుకంటే హ్యాండిళ్లు మారతాయి, కామెంట్లు చెరిగిపోతాయి. క్రెడిట్‌ను క్యాప్షన్ చివర హ్యాష్‌ట్యాగుల గుంపు తర్వాత వేస్తే, క్యాప్షన్ ముడుచుకున్నప్పుడు ఎవరికీ కనిపించదు. మొదటి వరుసలో వేసి, ఫొటో మీద కూడా ట్యాగ్ చేయాలి.

ఇంత తతంగం ఎందుకు, కస్టమరే సంతోషంతో ట్యాగ్ చేసింది, ఆమెకూ ప్రచారమే కదా అని కెఫేల వారు అంటారు. చాలామంది నిజంగానే సంతోషిస్తారు. అయితే ఆ సంతోషం అడిగితే ఎలాగూ బయటపడుతుంది. సంతోషించని ఆ ఒక్కరి కోసమే అడగడం. ఇక ఆలస్యమవుతుందన్న వాదన నాకు అర్థం కాదు. ఈరోజు బాగున్న ఫొటో ఎల్లుండి కూడా బాగానే ఉంటుంది.

పేరు వేశామన్న ధీమా ఎంత దూరం వెళ్తుందో ఫొటోగ్రాఫర్ డేనియల్ మోరెల్ ఉదంతం చూపిస్తుంది. 2010 జనవరిలో హైతీ భూకంపం వచ్చినప్పుడు తాను తీసిన ఫొటోలను ఆయన, ట్విటర్‌లో ఫొటోలు పంచుకోవడానికి వాడిన ట్విట్‌పిక్ అనే సైటులో పెట్టారు. మరొకరు వాటిని తమ ఖాతాలోకి ఎక్కించుకున్నారు. ఏఎఫ్‌పీ వార్తాసంస్థ అక్కడి నుంచి తీసుకుని, ఆ రెండో వ్యక్తి పేరుతో విడుదల చేసింది. ఫొటోలు అమ్మే గెట్టీ సంస్థ ద్వారా అవి లోకమంతా తిరిగాయి. అంటే క్రెడిట్ ఉంది, అది తప్పు మనిషిది. ట్విటర్ నిబంధనలే తమకు అనుమతి ఇస్తున్నాయని ఏఎఫ్‌పీ వాదించింది. న్యూయార్క్ కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. 2013 నవంబరులో జ్యూరీ మోరెల్‌కు సుమారు 12 లక్షల డాలర్లు ఇవ్వాలని తేల్చింది. కెఫే ఉద్యోగి చేసే స్క్రీన్‌షాట్ దీనంత పెద్దది కాకపోవచ్చు. కానీ ‘తీసింది మీరేనా’ అన్న ప్రశ్న రెండు చోట్లా ఒకటే, రెండు చోట్లా అడగనిదీ అదే.

నిజానికి నా బాధ కెఫేలతో ఆగదు. వార్తల పక్కన ‘ఫొటో: ఇంటర్నెట్’ అని వేస్తాం. ఇంటర్నెట్ ఎప్పుడు కెమెరా పట్టింది? ఎవరో నెలల తరబడి చెక్కుకున్న కవిత కింద ‘సేకరణ’ అని రాసి పంపుతాం. సేకరించినవారికి దక్కిన చోటు రాసినవారికి దక్కదు. తెరమీద కనిపించిందల్లా యజమాని లేని సొత్తన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. సామాన్యుల పనిని పనిగా లెక్కించకపోవడమే దాని వేరు. జీతం తీసుకునే ఫొటోగ్రాఫర్‌తో ఒప్పందం రాసుకునే కెఫే, కస్టమర్ దగ్గరికి వచ్చేసరికి ఒక్క ప్రశ్న అడగడానికి బద్ధకిస్తుంది.

మళ్లీ ఆ కిటికీ దగ్గరికి వద్దాం. ఆమె జవాబు ఇలా వచ్చిందనుకోండి: ‘తీసింది మా తమ్ముడు, అతని హ్యాండిల్ ఇది. అతను సరేనన్నాడు. మా స్నేహితురాలు పేజీలో అయితే ఫరవాలేదంది, గోడ మీద మాత్రం వద్దంది.’ అప్పుడు పోస్టు తమ్ముడి పేరుతో పడుతుంది. గోడకు వేరే ఫొటో వెతుక్కోవాలి.