ఎరుపును ఆంబర్ అని రాయమంటే ఎలా?

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసులో ప్రాజెక్టు పరిస్థితిని ఆకుపచ్చ, ఆంబర్, ఎరుపు రంగుల్లో చూపే స్టేటస్ రిపోర్టు మీద ప్రతి గురువారం జరిగే బేరం నన్ను నిజంగా బాధిస్తోంది. డేటా మైగ్రేషన్ జూన్ 30కి ముగియాలని క్లయింటు ఆమోదించిన ప్రణాళికలో ఉంది. 10 రోజుల వరకు జాప్యాన్ని మేనేజరే సర్దుకోవచ్చని మొదట్లోనే రాసుకున్నాం. మిగిలిన పనిని, వారానికి నిజంగా పూర్తవుతున్న పనితో భాగించి చూస్తే ఇప్పుడు జూలై 28 వస్తోంది.

“ఎరుపు చూస్తే పైవాళ్లు కంగారుపడతారమ్మా, ఆంబర్ పెట్టండి” అన్నారు మా మేనేజరు గారు. ఆంబర్ అంటే తేదీ జారినా, మన చేతిలో ఉన్న మనుషులతోనే దాన్ని దారికి తెచ్చే మార్గం ఉందని, దానికొక గడువూ బాధ్యుడూ ఉన్నారని అర్థం. మాకు కావలసింది మరో ఇద్దరు ఇంజనీర్లు, లేదా పని పరిధిలో కోత. ఈ రెండూ ప్రాజెక్టుకు నిధులు మంజూరు చేసే స్పాన్సర్ మాత్రమే నిర్ణయించగలరు. అందుకే అది ఎరుపు. ఆ రంగు ఎవరి తప్పునూ చాటదు, నిర్ణయం పై నుంచి రావాలని మాత్రమే చెబుతుంది.

అంతకన్నా ఘోరం, ఎవరి ఆమోదమూ లేకుండా ప్రణాళికలోని తేదీనే మార్చి ఆకుపచ్చ చూపించడం. ఐదు వారాలుగా అదే ఆంబర్, పక్కన అదే వివరణ వాక్యం కనిపిస్తే ఎవరైనా అనుమానించాలి. స్పాన్సర్‌కు ఈ వారమే తెలిస్తే పాత రికార్డులను రెండో విడతకు వాయిదా వేయవచ్చు. జూన్ చివర్లో తెలిస్తే ఆ వీలు కూడా ఉండదు.