మేడెక్కినా కింది రౌటర్‌ని వదలని ఫోన్

"కింద ఒక రౌటర్, పైన ఒకటి. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. పై గదిలోకి వెళ్లినా నా ఐఫోన్ కింది దాన్నే పట్టుకుని ఉంటోంది, వీడియో కాల్ ఆగిపోతోంది. పేర్లు వేరు చేసేయాలా?"

మామయ్య: చేసేయాల్సిందే. పైకెళ్తే పై పేరు నొక్కుకోవాలి, అంతే.

మేనల్లుడు: కాల్ మాట్లాడుతూ మెట్లెక్కేటప్పుడు ఎవరు నొక్కుతారు మామయ్యా? పేర్లు వేరైతే ఫోన్ పాతదాన్ని దాదాపు తెగిపోయేదాకా వదలదు.

మామయ్య: ఇప్పుడు మాత్రం వదులుతోందా? రెండూ కలిసి ఒకే నెట్‌వర్క్‌లా పనిచేసే మెష్ అని అంత డబ్బు పోశాం. ఫోన్‌ని పైదానికి పంపాల్సింది రౌటరేగా?

మేనల్లుడు: పంపలేదు, సూచించగలదు. 802.11v అనే వైఫై సదుపాయం ఉంటే 'అటు వెళ్లు' అంటుంది. వెళ్లడం, మానడం ఫోన్ ఇష్టం. ఐఫోన్ సంగతి ఆపిలే చెప్పింది: సిగ్నల్ మైనస్ 70 డీబీఎం కంటే పడిపోతేనే వేరేదాని కోసం వెతుకుతుంది. ఈ లెక్కలో మైనస్ పక్క అంకె పెద్దదయ్యేకొద్దీ సిగ్నల్ బలహీనం. కాల్ నడుస్తుంటే కొత్తది కనీసం 8 డీబీ మెరుగ్గా ఉండాలి, ఊరికే ఉంటే 12. పై గదిలో కింది రౌటర్ మైనస్ 68 వస్తోందనుకోండి, పైది మైనస్ 50. పైది అంత బాగున్నా ఫోన్ అటు చూడనే చూడదు.

మామయ్య: మైనస్ 68 సరిపోతుందనేగా దాని లెక్క? మరి కాల్ ఎందుకు ఆగుతోంది?

మేనల్లుడు: అది ఒకవైపు లెక్క. రౌటర్ గొంతు పెద్దది కాబట్టి ఫోన్‌కి వినిపిస్తుంది. ఫోన్ గొంతు చిన్నది, స్లాబ్ దాటి కిందికి సరిగా చేరదు. అందుకే కింది రౌటర్‌లో Transmit Power, అంటే దాని గొంతు, తగ్గించాలి. 6 డీబీ తగ్గితే పైన మైనస్ 74 అవుతుంది, ఫోన్ వెతకడం మొదలుపెడుతుంది, మైనస్ 50 కనిపించగానే మారుతుంది. మారిందో లేదో మెష్ యాప్‌లో ఆ ఫోన్ ఏ నోడ్‌కి, అంటే ఏ రౌటర్‌కి, కలిసి ఉందో చూస్తే తెలుస్తుంది.

మామయ్య: ఒరేయ్, పవర్ పెంచమంటారు గానీ తగ్గించమంటారా ఎవరైనా? పెరట్లో కెమెరా ఏం కాను?

మేనల్లుడు: కెమెరా 2.4 గిగాహెర్ట్జ్ మీద ఉంటే దాన్ని ముట్టుకోవద్దు. 5 గిగాహెర్ట్జ్ పవరే తగ్గించండి.

అత్తయ్య: మా మేడ మీద టీవీ కూడా కిందిదే పట్టుకుంటుందిరా. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇదే తంతు.

మేనల్లుడు: పై నోడ్ కంటే కింది రౌటర్ ముందు లేస్తోందేమో అత్తయ్యా. టీవీ దొరికినదాన్ని పట్టుకుని కూర్చుంటుంది. నోడ్ నుంచి కేబుల్ లాగితే ఆ గొడవే ఉండదు.

మామయ్య: కేబుల్ ఎందుకు? పై రౌటర్‌కి వేరే పేరు కూడా ఒకటి పెట్టి, టీవీకి అదొక్కటే ఇవ్వు. కదలని వస్తువుకి నా పద్ధతే మేలు.

మేనల్లుడు: టీవీ వరకు ఒప్పుకుంటా. ఫోన్‌కి మాత్రం ఒప్పుకోను.

మామయ్య: సరే, నెట్ వాళ్లిచ్చిన డబ్బాలో నువ్వు చెప్పే పవర్ సెట్టింగే లేకపోతే?

మేనల్లుడు: కొన్నింటిలో నిజంగానే ఉండదు. అప్పుడు కింది రౌటర్‌ని మెట్లకి దూరంగా, వీధి గదిలోకి జరపాలి.

మామయ్య: ఫైబర్ వైరు అక్కడిదాకా రాదురా!