వంటింటి గుమ్మంలో సన్మాన సభ

తిరుపతిలో కాపురమున్న ప్రతి ఇల్లూ దర్శనానికొచ్చే చుట్టాలకు ఉచిత వసతి గృహమే. అందులో మేనేజరు, వంటమనిషి, తెల్లవారుజామున మూడింటికి మోగే అలారం అన్నీ ఇల్లాలే. ఇంటాయన చేసే పని ఒక్కటి. రాత్రి సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి ముందేసుకొని, పదిమంది వినేలా "మా ఇంటామె సూపరబ్బా" అని ప్రకటిస్తాడు. ఆమె "ఏముందిలే, అందరూ చేసేదే" అనేసి లోపలికి పోతుంది. ఆయన చుట్టాల వైపు తిరిగి నిట్టూరుస్తాడు: "చూసినారా? ఈమెకు పొగడ్త పడదు."

పడదట. పల్లీలు పడనట్టు, పుట్టగొడుగులు పడనట్టు. రక్తపరీక్ష ఏమన్నా చేయించినాడో ఏమో.

ఇట్లాంటి ఔదార్యం సంగటి దగ్గరే ఆగిపోకూడదని నా మనవి. జరిపితే సన్మాన సభే జరపాల. వంటింటి గుమ్మానికి ఫ్లెక్సీ కట్టాల. దాంట్లో ఇంటాయన ఫోటో నిలువెత్తున, ఇంటామెది కింద మూలన స్టాంపు సైజులో ఉండాల. అధ్యక్షుడుగా బావమరిది. ముఖ్య అతిథి ఎట్లాగూ ఇంటాయనే. ఆయన మైకు పట్టుకొని "ఈమె అన్నపూర్ణ, ఈమె సహనమూర్తి, ఈమె లేకపోతే ఈ ఇల్లు లేదు" అని గంట సేపు మాట్లాడినా, ఈమె ఈ రోజు ఏం చేసిందో ఒక్క ముక్క చెప్పడు. చూసుంటే గదా చెప్పడానికి! శాలువా కప్పబోయే సమయానికి స్టవ్వు మీద పాలు పొంగుతాయి, సన్మానితురాలు వేదిక దిగి పరిగెత్తుతుంది. శాలువా బావమరిదికే కప్పేస్తారు. మరుసటి రోజు సంఘ సమావేశంలో తీర్మానం: ఆమెకు పొగడ్త పడదు.

ఆమె ఎందుకు పక్కకు తోసేస్తుందో 1978లోనే అనితా పొమెరాంట్జ్ అనే పరిశోధకురాలు మనుషుల మాటల తీరు గమనించి వివరంగా రాసింది. పొగడ్త వినగానే మనిషికి రెండు బరువులు ఒకేసారి మీద పడతాయి. ఎదుటివాళ్ళ మాట కాదనకూడదన్నది ఒకటి, తనను తాను పొగుడుకున్నట్టు కనబడకూడదన్నది రెండోది. ఔనంటే గర్వం, కాదంటే మర్యాద కాదు. కాబట్టి "ఏముందిలే" అని నడిమధ్య సందులోంచి తప్పుకుంటుంది. మనిళ్ళల్లో దీనికి ఇంకో పొర ఉంది. చిన్నప్పుడు ఎవరన్నా మెచ్చుకున్నప్పుడల్లా "దిష్టి తగులుతాది, ఊరుకో" అనో, "ఎగిరెగిరి పడొద్దు" అనో విని పెరిగిన పిల్ల అది. అట్లాంటామెను పదిమంది ముందర నిలబెట్టి జవాబు చెప్పమంటే ఇంకేం చెప్తుంది?

పైగా ఆ 'సూపర్' కొండ మీద ఉచితంగా ఇచ్చే లడ్డూ లాగా అందరికీ ఒకటే సైజు. బావమరిది కొత్త బండీ సూపరే, ఐపీఎల్ మ్యాచీ సూపరే, ఈమే సూపరే. దాన్ని ఏమని నమ్మాల?

సరే, పని తెలిసిన మనిషి ఎట్లా చేస్తాడో చూద్దాం. చుట్టాల్లో ఒక పెదనాయన ఉన్నాడు, బీపీ మనిషి. అలిపిరి నుంచి 3,550 మెట్లూ నడిచే ఎక్కుతానని పట్టు. సంచులన్నీ కింద లగేజీ కౌంటర్లో ఇచ్చేస్తే మళ్ళీ చేతికొచ్చేది కొండమీదే. మందుల డబ్బా ఉండేది సంచిలో. ఇది ఆ ఇంట్లో తట్టింది ఒక్కామెకే. రాత్రే మాత్రను చిన్న పొట్లం కట్టి ఆయన చొక్కా జేబులో పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

మెచ్చుకోవాల్సింది దీన్ని. చుట్టాలంతా బస్సెక్కి వెళ్ళిపోయాక, ఇద్దరూ పక్కపక్కన నిలబడి పక్కదుప్పట్లు మడతపెట్టేటప్పుడు చెప్పాల. ఎదురుగా కూచొని కళ్ళల్లోకి చూస్తే అది ఇంటర్వ్యూ అయిపోతుంది. చేతులకు పనుంటే ఆమె చూపుకు దాక్కోను చోటుంటుంది.

"పెదనాయన మాత్ర జేబులో పెట్టినావు గదా, సంచి కిందనే ఇచ్చేస్తారని నాకు తట్టనే లేదు. ఆయన మెట్లెక్కుతాడంటే దిగులుగా ఉండె. నువ్వు పెట్టినావని ఆయనే చెప్పినాక నెమ్మదిగా ఉండాది."

అంతే. ఆమె చేసిన పని ఒకటి, అందులో ఆమె ఆలోచన ఒకటి, దాంతో తనకు కలిగింది ఒకటి. 'గొప్ప ఇల్లాలివి' అంటే ఆమె తన మనసులో ఉన్న లోపాల చిట్టా తీసి, కాదని రుజువు చేయగలదు. మాత్ర జేబులో పెట్టలేదని రుజువు చేయలేదు. తనకు దిగులు తగ్గిందన్నది ఆయన సంగతి, దాన్నీ కాదనలేదు.

కెనడాలో డెనీస్ మారిగోల్డ్, జాన్ హోమ్స్, మైఖేల్ రాస్ అనే ముగ్గురు 2007లో ప్రచురించిన పరిశోధన చెప్పేదీ ఇంచుమించు ఇదే. తమ మీద తమకు గురి తక్కువున్నవాళ్ళను, జోడీ తమను మెచ్చుకున్న సంఘటన ఊరికే గుర్తు తెచ్చుకోమంటే పెద్దగా ఒరిగిందేమీ లేదు. ఎందుకు మెచ్చుకున్నారో, ఆ మాటకు అర్థమేమిటో వివరించమన్నప్పుడు మాత్రం ఆ పొగడ్త లోపలికి దిగింది. వాళ్ళు పని పెట్టింది వినేవాళ్ళకు. ఇంట్లో అట్లా ప్రశ్నపత్రం ఇవ్వలేము గనక, ఆ 'ఎందుకు'ను మాటలో కలిపి ఇవ్వడమే మేలు.

అప్పుడు కూడా ఆమె "ఆఁ, సాల్లే" అంటుంది. ఇక్కడే మొగమహారాజులు చెడేది. "లేదు లేదు, నిజంగా" అని వాదనకు దిగుతారు, మూడుసార్లు చెప్తారు, ఆఖరికి "పొగిడినా తప్పేనా?" అని అలుగుతారు. అలిగినాక ఓదార్చే పని కూడా ఆమెదే. వాదన వద్దు. "నాకనిపించింది చెప్పినా" అని, రెండో దుప్పటి అందుకోవాల. జవాబు అక్కర్లేదని తెలిస్తేనే ఆమెకు ఊపిరాడేది. ఆ వెంటనే "మా అమ్మ కూడా ఇట్లనే చేసేది" అనో, "ఎల్లుండి మా ఆఫీసోళ్ళు ఎనిమిది మంది వస్తాండారు" అనో అన్నారా, చెప్పిందంతా లంచం కింద జమ.

ఈ లంచం దగ్గర నాకు నవ్వు రాదు. "నీ అంత బాగా ఎవరూ చేయలేరు" అని ఆడమనిషికి ఎన్ని వేల గిన్నెలు అంటగట్టినారు ఈ దేశంలో! అది మెచ్చుకోలు కాదు, జీతం ఎగ్గొట్టే ఉపాయం. ఆమె తప్పుకుపోయేది బిడియంతో అనుకుంటున్నారు. కాదయ్యా. ఆ మాట వెనకాల ఏ పని దాక్కోనుందో ఆమెకు ఇరవై ఏళ్ళుగా తెలుసు. పక్కదుప్పటి కొస పట్టుకోనివాడు నోరు తెరవకపోవడమే మంచిది. ఎంత వివరంగా చెప్పినా వాడి నోట్లో అది అబద్ధమే.

మగవాళ్ళల్లోనూ తోసేసేవాళ్ళు ఉన్నారు, కొంచెం వేరే రకం. మెచ్చుకోగానే ఫోను తీసి ఏదో వెతుకుతారు. వాళ్ళకు ఆ మాట మోటారుబండి మీద వెనక కూచొని చెప్పండి, మొహం కనబడదు గనక పారిపోరు. కాకపోతే హెల్మెట్లోంచి వినబడేలా చెప్పాల.

ఇక లోపలికి దిగిందో లేదో ఎట్లా తెలుస్తుంది? థ్యాంక్స్ కోసం ఎదురుచూడొద్దు, అది రాదు. రెండు రోజుల తర్వాత కూర తరుగుతూ, అడక్కుండానే ఆమె ఒక తప్పు దిద్దుతుంది: "ఒక మాత్ర కాదు, రెండు పెట్టినా. దిగేటప్పటికి ఇంకోటి కావాల్సొస్తాదని." ఆ సవరణే రసీదు. దాన్ని చేతిలో పెట్టుకొని "చూసినావా, ఒప్పుకున్నావు!" అని ఎగిరి గంతేయకండి. "ఓ, రెండా?" అని, మిగిలిన బీరకాయలు మీరు తరగండి.