ఉద్దానం లెక్కలు చెప్పాలంటే ఒక మనిషి కావాలి

"లెక్కలు చెప్పే టాక్‌లో కథ పెట్టకండి. ఒక్కడిని చూపిస్తే అందరూ అలాగే ఉన్నారనుకుంటారు. గ్రాఫ్ బాగుంటే అదే అర్థమవుతుంది. పైగా కథ కోసం లేని ముగింపు అతికించాల్సి వస్తుంది." టాక్‌లో ఒక మనిషి కథ చెబుదామంటే చాలామంది ఇలాగే అడ్డు చెబుతారు.

ఉద్దానంలో కిడ్నీ పరీక్షల ఫలితాలను కవిటిలోనో సోంపేటలోనో చెప్పాలనుకోండి. ఎదురుగా డాక్టర్లు, ఆశా కార్యకర్తలు, సర్పంచులు, కొబ్బరి రైతులు కూర్చుంటారు.

ఒక్కడిని చూసి అందరూ అలాగే ఉన్నారనుకుంటారన్న భయం నిజమే, కానీ తేడా మనిషిని ఎంచుకోవడంలో వస్తుంది. డయాలసిస్ మీదున్న పేషెంట్‌ని చూపిస్తే హాలంతా కదిలిపోతుంది, లెక్కల్లో అలాంటివాళ్లు కొద్దిమందే అయితే అది తప్పుదారి. అందుకే ముందు గ్రాఫ్ గీసి, ఇజీఎఫ్ఆర్, అంటే కిడ్నీ వడపోత అంచనా, 60 కంటే తగ్గినవాళ్ల చుక్కలు ఎక్కడ గుంపుగా ఉన్నాయో చూసి అక్కడినుంచే మనిషిని తీయాలి. ఉదాహరణకి 48 ఏళ్ల జీడితోట రైతు, రక్తంలో కిడ్నీలు వడకట్టాల్సిన వ్యర్థం క్రియాటినిన్ 1.5, దాన్నిబట్టి ఇజీఎఫ్ఆర్ సుమారు 57, ఒంట్లో ఏ బాధా లేదు. ఇతను లెక్కల్లోంచి కట్టిన మనిషి అని ముందే చెప్పేసి, తర్వాతి స్లైడ్‌లో అందరి చుక్కల మధ్య అతని చుక్కకి ఎర్ర రంగు వేయండి.

ఇక గ్రాఫ్ సంగతి. తెర మీద 57 కనిపిస్తే కొందరికి జబ్బు, కొందరికి పాస్ మార్కు. ఎండలో నీళ్లు తాగకుండా పనిచేసినా క్రియాటినిన్ కొన్నాళ్లు పెరిగి ఇజీఎఫ్ఆర్ తగ్గొచ్చు, అందుకే అది 60 లోపు కనీసం మూడు నెలలు నిలిస్తేనే దాన్ని దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఆ మూడు నెలలూ రైతు పడే టెన్షనే కథలో సంఘర్షణ, మూడు నెలల తర్వాత చేసే రెండో పరీక్ష లెక్కలు తేల్చాల్సిన ప్రశ్న కూడా సరిగ్గా అదే. ఇది చెప్పకుండా రెండు పరీక్షల్లో 60 లోపు ఉన్నవాళ్ల సంఖ్యల బార్లు పక్కపక్కన పెడితే, రెండోది పొట్టిగా ఉంది కాబట్టి జబ్బు తగ్గిందని ఎవరో ఒకరు చప్పట్లు కొడతారు.

ముగింపు మాత్రం డేటా ఇచ్చినంతే. ఉద్దానంలో జబ్బుకి కచ్చితమైన కారణం ఇంకా తేలలేదు, కాబట్టి "నీళ్లు మార్చాం, బాగైపోయింది" అని ముగిస్తే అది అబద్ధమే. మొదటిసారి 60 లోపు వచ్చినవాళ్లు 100 మంది అనుకుందాం. రెండో పరీక్షలో 55 మంది అక్కడే ఉన్నారు, 20 మంది పైకొచ్చారు, 25 మంది అసలు రాలేదు. మన రైతుని ఆ 25 మందిలో పెట్టండి, ఎందుకంటే జీడిపిక్కలు ఏరే రోజుల్లో పరీక్ష కోసం పలాస వెళ్తే ఆ రోజు పని పోతుంది. అప్పుడు కథ ముగిసేది అతను కోలుకోవడంతో కాదు, రెండో పరీక్ష ఊళ్లోనే చేయాలన్న నిర్ణయంతో.

టాక్ అయ్యాక ఒకరిద్దరిని అడగండి: "100 మందిలో ఎంతమంది సంగతి తేలలేదు?" 25 అని చెప్పలేక రైతు తోట గురించే చెబుతుంటే, తోట వివరాలు కోసేసి, ఆ 25 ఉన్న స్లైడ్ దగ్గర ఇంకో రెండు నిమిషాలు ఆగండి.