సవరణ: విభక్తిని పోస్ట్‌పొజిషన్ అంటే సరిపోదు

"విభక్తుల మీద మీ పోస్టు చదివి మా కోడలు ఇల్లు పక్కన 'లో' చేర్చి 'ఇల్లులో' అంటోంది. అందరూ ఇంట్లో అంటారేంటని అడుగుతోంది. ఇది సంధేనా?" (ఆమెది జర్మనీ.)

సంధి కాదు. విభక్తి అంటే పోస్ట్‌పొజిషన్, అంటే నామవాచకం తర్వాత చేరే లో, కి లాంటి ప్రత్యయం, అని ఆ పోస్టులో ఉన్నదానికి ఒక మాట చేర్చాలి: ప్రత్యయం చేరేముందు చాలాసార్లు నామవాచకమే మారుతుంది. దాన్ని ఆమెకు ఇంగ్లిష్‌లో ఆబ్లిక్ స్టెమ్ అని చెప్పండి. ఇల్లుకు అది 'ఇంటి'. అందుకే ఇంటికి, ఇంటినుంచి, ఇంటిలో. చివరిది మాటల్లో ఇకారం జారి 'ఇంట్లో' అయింది. నోరు, చేయి కూడా ఇంతే: నోటిలో, చేతిలో. బహువచనంలో ఇళ్లలో.

సంధికి ఉదాహరణ వేరే ఇవ్వండి: ఎక్కడ + ఉన్నావు = ఎక్కడున్నావు. రెండు అచ్చులు కలిసి మొదటిది పోయింది. 'ఇంటి' తర్వాత వచ్చేది అచ్చు కాదు, హల్లు.

కొత్త పదం నేర్పేటప్పుడు ఇల్లు ఒక్కటే కాకుండా 'ఇల్లు, ఇంటి' అని జంటగా రాయించండి. పుస్తకం లాంటివాటికి మాత్రం 'కి' రూపం కూడా కావాలి: పుస్తకంలో అంటాం, కానీ పుస్తకానికి. ఇక్కడ మన 'కి'కి దగ్గరగా ఉండే జర్మన్ డేటివ్ ఆమెకు కొంతవరకే పనికొస్తుంది.