నామినీ పదవి, నా బొటనవేలు

మా ఇంటి ఆర్థిక వ్యవహారాలన్నీ ఒకే ఒక్క బుర్రలో భద్రంగా ఉంటాయి, ఆ బుర్ర నాది. జీతం నా ఖాతాలో పడుతుంది, పాస్‌వర్డులు నా జ్ఞాపకంలో ఉంటాయి, ఓటీపీలు నా ఫోనుకు వస్తాయి, ఆ ఫోను నా బొటనవేలి ముద్ర పడితే తప్ప తెరుచుకోదు. ఇంటికి దీపం ఇల్లాలే అని మనస్ఫూర్తిగా నమ్మేవాణ్ణి కనుక, దీపాన్ని చమురు లెక్కలతో విసిగించడం ఎందుకని నా భార్యకు ఏనాడూ ఏదీ చెప్పలేదు. అలాగని నన్ను పిసినారి అనడానికి వీల్లేదు. ప్రతి ఖాతాలోనూ నామినీగా ఆమె పేరే రాయించాను. ఆ దానపత్రానికి ఉన్న షరతు ఒక్కటే: ముందు నేను పోవాలి.

ఆ షరతు సంగతి కిందటేడు మెట్ల మీద కాలు జారి, తలకు దెబ్బ తగిలి, నాలుగు రోజులు స్పృహ లేకుండా ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు బయటపడింది. నామినేషన్ అనేది ఖాతాదారు మరణించాకే పనిచేస్తుందనీ, అతడికి ఊపిరి ఉన్నంతకాలం ఖాతాలో ఎంత ఉందని అడిగే హక్కు కూడా నామినీకి లేదనీ మా ఆవిడకు బ్యాంకు కౌంటరు దగ్గరే తెలిసింది. "సార్ బతికే ఉన్నారు కదమ్మా" అని ఆ ఉద్యోగి ఓదార్పుగా అన్నాడట. ఆమె తిరిగి వచ్చి నా బొటనవేలిని ఫోనుకు ఆనించింది. మెట్ల మీద గీసుకుపోయిన ఆ వేలిని ఫోను గుర్తుపట్టలేదు. నాలుగైదు ప్రయత్నాల తర్వాత అది వేలిముద్ర వద్దని అంకెల తాళం అడిగింది. ఆ అంకెలు ఉన్నచోటే దెబ్బ తగిలింది.

ఆసుపత్రికి కట్టవలసిన అడ్వాన్సు చివరకు, నేను చాలాకాలంగా "చిల్లర ఖాతా" అని పిలిచిన చోటి నుంచి వచ్చింది. నెలనెలా జీతం పడిన మర్నాడే అందులో 5 శాతాన్ని ఆమె తన పేరిట ఉన్న ఖాతాలోకి వేయించుకునేది. నెలాఖరున మిగిలినది దాచుకుంటే సరిపోదా అని నేను హితవు చెప్పేవాణ్ణి. మా ఇంటి ఖర్చు జీతంలో 60 శాతం. మూడు నెలల ఖర్చు కూడడానికి 36 నెలలు పడుతుంది, అందుకే అది నాకు చిల్లరగా కనిపించింది. ఆ 36 నెలలూ ఎప్పుడో నిండాయన్న సంగతి మాత్రం ఇంటి ఆర్థికమంత్రికి ఎవరూ నివేదించలేదు.

ఇంటికి చేరాక, ఉమ్మడి ఖాతా తెరుద్దామని పెద్దమనసుతో నేనే ప్రతిపాదించాను. దాంపత్య ఐక్యతకు చిహ్నంగా "ఇద్దరూ కలిసి" అన్న గడిలో టిక్కు పెట్టబోయాను. "మీరు మళ్ళీ జారితే రెండో సంతకం ఎవరు పెడతారండీ?" అని అడిగి, "ఇద్దరిలో ఎవరైనా, లేదా జీవించి ఉన్నవారు" అన్న గడి చూపించింది. ఇంటి ఖర్చు దాకా అదే నయం. అయితే ఆ పద్ధతిలో ఒకరికి చెప్పకుండా రెండోవారు ఖాతా మొత్తం ఊడ్చేయవచ్చు కనుక, తన ఖాతాను అందులో కలపనని చెప్పింది. ఊడ్చేది ఎవరన్న వివరంలోకి నేను వెళ్ళదలచుకోలేదు.

బీమా దగ్గర మాత్రం గెలుస్తాననుకున్నాను, ఎందుకంటే నా సంస్థ నాకు 24 నెలల జీతానికి సమానమైన బీమా ఇచ్చింది. ఆమె డిశ్చార్జి కాగితం వెనక లెక్క వేసింది. ఇంటి అప్పు బాకీ 30 నెలల జీతం. అంటే నేను పోతే బీమా మొత్తం అప్పుకే పోయి, ఇంకా ఆరు నెలల జీతం బాకీ మిగులుతుంది. పైగా ఉద్యోగం పోయిన రోజున ఆ బీమా కూడా పోతుంది. చిన్నవాడి చదువు ముగియడానికి 12 ఏళ్ళు ఉంది. అప్పటిదాకా నెలకు 60 శాతం చొప్పున ఇల్లు గడవాలంటే, రాబడి ధరల పెరుగుదలకు సరిపోతుందనుకున్నా, సుమారు 86 నెలల జీతం కావాలి. అప్పు కలిపితే 116. సంస్థ బీమాను లెక్కలోంచి తీసేసి, ఇంచుమించు పదేళ్ళ జీతానికి విడిగా టర్మ్ పాలసీ తీసుకోమంది.

దరఖాస్తులో తలదెబ్బ సంగతి రాస్తే ప్రీమియం పెరుగుతుందేమోనని, దాన్ని మర్చిపోదామని నేను సూచించాను. దాచిన సంగతి తర్వాత బయటపడితే క్లెయిమే తిరస్కరించవచ్చనీ, అప్పుడు వాదించుకోవలసింది తానే గానీ నేను కాననీ చెప్పి, ఆమె దాన్ని తారీఖుతో సహా రాయించింది. ఈసారి ఓటీపీలు ఆమె నంబరుకు కూడా వస్తున్నాయి.

నా అధికారం ఇంతగా కుదించుకుపోయాక, మాటవరసకు, ఆ చిల్లర ఖాతాలో ఇప్పుడెంత ఉందని అడిగాను. నామినీకే అడిగే హక్కు లేదట, తన ఖాతాలో నామినీ మా అమ్మాయట.