ఆ 6 లక్షలు ఎవరూ మింగలేదు, 12 మీటర్ల సంగతి వేరు

“మన సర్పంచి గ్రామసభలో తన నోటితోనే బయటపడ్డాడు!! ఊరికి 10 లక్షలు వస్తే రోడ్లకు, లైట్లకు 4 లక్షలేనట. మిగతా 6 లక్షలు ‘టైడ్’ అట! ఉపాధి హామీ సిమెంటు రోడ్డు డబ్బు నేరుగా ఆయన ఖాతాకే పోతుంది. సభకు షామియానా, సమోసాలు మన డబ్బుతోనే. అంతకు ముందు వచ్చిన నిధులు ఏమయ్యాయో చెప్పడు. లెక్క చెప్పేదాకా ఎవరూ ఇంటి పన్ను కట్టొద్దు. అందరికీ పంపండి!!”

ఈ మెసేజి వారం రోజుల్లో నాకు తొమ్మిది మంది పంపారు. వారిలో ఒకరు నెల్లూరులో స్థిరపడి సంక్రాంతికి మాత్రమే ఊరికి వచ్చే మా బావ. ఆ సభలో నేను మొదటి నుంచి చివరి దాకా కూర్చున్నాను, సర్పంచి గారు చదివిన పద్దులన్నీ రాసుకున్నాను. ఆయనను వెనకేసుకురావలసిన అవసరం నాకు లేదు. గత ఎన్నికల్లో నేను ఆయనకు ఓటు వేయలేదని ఆయనకూ తెలుసు.

షామియానా వేయలేదు, సభ రామాలయం ముందు వేపచెట్టు కింద జరిగింది. సమోసాలు నా దాకా రాలేదు.

ఇక 6 లక్షల విషయం. 15వ ఆర్థిక సంఘం సిఫారసు మీద కేంద్రం 2021-22 నుంచి 2025-26 వరకు పంచాయతీలకు కేటాయించిన గ్రాంటులో 60 శాతాన్ని ఏ పనికి వాడాలో ముందే నిర్ణయించి పంపింది. అందులో సగం పారిశుద్ధ్యానికి, సగం తాగునీటికి, వాననీటి నిల్వకు వాడాలి. టైడ్ అంటే ఇంతే. మనకు వచ్చిన 10 లక్షల్లో 3 లక్షలు మురుగుకు, చెత్తకు, మరో 3 లక్షలు బోరు మోటారుకు, పైపులైనుకు పోగా, ఊరి అవసరాన్నిబట్టి మనం నిర్ణయించుకోగలిగింది 4 లక్షలే. ఒక పద్దు కింద చేయవలసిన పని పూర్తిగా అయిపోయిందని తేలితే ఆ డబ్బును రెండో పద్దుకు మళ్లించుకోవచ్చు గానీ, ఆ రెండింటినీ దాటి రోడ్డుకు మళ్లించడానికి వీల్లేదు. సర్పంచి గారు ఆ ఇంగ్లీషు మాట బదులు “మురుగుకు, నీళ్లకు కట్టుబడిన డబ్బు” అని ఒక్క ముక్క తెలుగులో చెప్పి ఉంటే ఈ మెసేజి పుట్టేదే కాదేమో.

ఉపాధి హామీ గురించి రాసిన ముక్క రాసినవారి ఊహాశక్తికి నిదర్శనం. కూలి డబ్బు కూలీల ఖాతాల్లో పడుతుంది, సిమెంటు, కంకర బిల్లు వాటిని సరఫరా చేసినవారి ఖాతాలో పడుతుంది. సభలో అందరూ చప్పట్లు కొట్టిన సిమెంటు రోడ్డు మెటీరియల్ పద్దులోకి వస్తుంది. ఆ పద్దు మొత్తం ఖర్చులో 40 శాతం దాటకూడదు, ఆ లెక్క జిల్లా మొత్తానికి చూస్తారు. అంటే ఎండాకాలంలో చెరువు పూడిక పనికి జనం వెళ్లి కూలి ఖర్చు 60 లక్షలైతేనే రోడ్లకు 40 లక్షలు దొరుకుతాయి. పారను ముట్టుకోనివారే వీధిలో సిమెంటు రోడ్డు లేదని అందరికంటే గట్టిగా అడగడం నాకు ముచ్చటగా ఉంటుంది.

పాత నిధుల విషయంలో మాత్రం మెసేజి రాసినవారితో నేను ఏకీభవిస్తాను. పంచాయతీల కరెంటు బకాయిల కింద ఆర్థిక సంఘం నిధులను సర్దుబాటు చేసుకున్నారని రాష్ట్రమంతటా సర్పంచులు రోడ్డెక్కిన సంగతి అందరికీ తెలిసిందే. మన ఊరి ఖాతాలోంచి ఎంత పోయిందని సభలో ఒక పెద్దాయన అడిగితే, సర్పంచి గారు “అది పైవాళ్ల విషయం” అని మాట దాటేశారు. పైవాళ్ల విషయమే అయినా అంకె చెప్పవలసిన బాధ్యత ఆయనది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇంటి పన్ను కట్టొద్దన్న వాక్యం. దాన్ని మిగతావాటిలాగా నవ్వి వదిలేయలేను. ఆర్థిక సంఘం డబ్బును, ఇంతకు ముందు చెప్పిన ఆ 4 లక్షలను కూడా, జీతాలకు, పంచాయతీ నిర్వహణ ఖర్చులకు వాడకూడదన్నది నిబంధన. మరి తెల్లవారుజామున చెత్తబండి తోసే ఆ ముగ్గురికీ, ట్యాంకు వాల్వు తిప్పే ఆయనకూ నెల తిరిగేసరికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? మన పంచాయతీలో అది ఇంటి పన్ను, కుళాయి పన్ను జమయ్యే సాధారణ నిధి నుంచే వస్తుంది. పన్ను కట్టడం మానేస్తే సర్పంచి గారికి పోయేదేమీ లేదు, ఆయన ఇల్లు గట్టుమీద ఉంది. మొదట ఆగేది ఆ నలుగురి జీతం, ఆ తర్వాత వాల్వు, ఆ తర్వాత మన కుళాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను కురిసిన రాత్రి దిగువ వీధిలో మోకాలిలోతు నీళ్లు నిలిస్తే, కాలువలో అడ్డుపడిన తాటిమట్టలను టార్చి వెలుతురులో చేతులతో లాగింది ఆ ముగ్గురే. ఈ మెసేజి పంపిన తొమ్మిది మందిలో ఒక్కరూ ఆ రాత్రి అక్కడ లేరు. సర్పంచి మీద కోపాన్ని వారి కడుపు మీద చూపించడం ఏ రకమైన పోరాటమో నాకు అర్థం కాలేదు. పన్ను కట్టి, రసీదు చేతపట్టుకుని లెక్క అడిగితే ఎవరూ కాదనలేరు.

అయితే సర్పంచి గారు సంతోషపడనక్కర్లేదు. పంచాయతీ బిల్లుల్లో మోసం జరిగితే అది ఖాతా దగ్గర కంటే కొలత దగ్గర జరుగుతుంది. పని అయ్యాక ఇంజినీరు వచ్చి టేపు పట్టి కొలతల పుస్తకంలో, అంటే ఎం.బుక్కులో రాస్తారు. పై అధికారి సరిచూస్తారు. ఆ తర్వాతే కార్యదర్శి బిల్లు పెడితే సర్పంచి డిజిటల్ సంతకం చేస్తారు, డబ్బు పనిచేసినవారి ఖాతాకు పోతుంది. ఆ దారిలో నోట్ల కట్టలు ఎవరి చేతికీ రావు కనుక, పుస్తకంలో పడిన అంకె తప్పయితే ఆ తర్వాత జరిగేదంతా సక్రమంగానే కనిపిస్తుంది.

దిగువ వీధి మురుగుకాలువను సభలో “90 మీటర్లు, 2 లక్షల 70 వేలు, పని పూర్తి” అని చదివారు. మరునాడు ఉదయం మా తమ్ముడి కొడుకుతో 30 మీటర్ల టేపు పట్టించి కొలిచాను. మూడోసారి టేపు పూర్తిగా సాగనే లేదు, 18 మీటర్ల దగ్గర కాలువ అయిపోయింది. అంటే మొత్తం 78 మీటర్లు. చివరి ఇంటి ప్రహరీ పక్కన సిమెంటు అంచు ఆగిపోయి, నీళ్లు తుమ్మచెట్టు మొదట్లో గుంటకట్టి ఉన్నాయి. మీటరుకు 3 వేల చొప్పున ఆ 12 మీటర్ల విలువ 36 వేలు. అడుగున రాయి పడి అంచనా మార్చారేమో, లేక బిల్లు 78 మీటర్లకే ఇచ్చి సభలో పాత కాగితం చదివారేమో, ఎం.బుక్కులో ఆ పేజీ చూస్తే తేలిపోతుంది. చెల్లించిన మొత్తం egramswaraj.gov.in లో ఎవరైనా చూడవచ్చు, కొలత పేజీ మాత్రం అక్కడ దొరకదు. అందుకే నకలు కోసం సమాచార హక్కు చట్టం కింద సోమవారం దరఖాస్తు ఇచ్చాను.

లేని సమోసాల గురించి తొమ్మిది మంది ఫార్వర్డు చేశారు. ఆ గుంట పక్క నుంచి రోజూ నడిచి పోయేవారు వారిలో నలుగురు ఉన్నారు.